నడుమ జవాబు

వినయ్‌కు కోపం తెప్పించాలంటే తిట్టక్కర్లేదు. ఆయన రాసిన మెయిల్‌కు పైన జవాబు రాస్తే చాలు. ముఖం ఎర్రబడేది, చేతిలో చాయ్ చల్లారేది, ఎదురుగా ఉన్నవాళ్లకు అరగంట ఉపన్యాసం తప్పేది కాదు.

ఆయన జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే లెక్చరర్. సొంతూరు తొర్రూరు. తండ్రి రామలింగానికి అక్కడ ఎరువుల దుకాణం. కొడుకు దుకాణంలో కూర్చోలేదన్న బాధ ఆ పెద్దమనిషికి ఒకటైతే, కాలేజీ అయిపోయాక కూడా కంప్యూటర్ ముందే కూర్చుని పైసా రాని పని చేస్తాడన్న బాధ ఇంకొకటి. ఆ పైసా రాని పని ఏమిటంటే, అందరూ ఉచితంగా వాడుకునే ఒక మెయిల్ ప్రోగ్రాంను తెలుగులోకి తేవడం. ఇందుకోసం ఆయన ఒక చిన్న బృందాన్ని కూడగట్టాడు. వాళ్లంతా మాట్లాడుకునేది ఒక మెయిలింగ్ లిస్టులో. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది.

ఆ లిస్టుకు నియమాలు రాసింది వినయే. అందులో మొదటిది, పెద్ద అక్షరాల్లో ఉన్నది, జవాబు ఎక్కడ రాయాలన్నది. మనకు వచ్చిన మెయిల్‌కు జవాబు నొక్కితే అవతలివాళ్లు రాసిందంతా మన రాసే కిటికీలోకి వచ్చి పడుతుంది. అది పాత మాట అని తెలియడానికి ప్రతి వరుస ముందు పక్కకు తిరిగిన బాణం మొన లాంటి గుర్తు ఉంటుంది. కొన్ని ప్రోగ్రాంలు ఆ గుర్తుకు బదులు పక్కన రంగు గీత గీస్తాయి. చాలామంది పైన రెండు ముక్కలు రాసి, కిందున్న చాంతాడంత పాత మెయిల్‌ను అలాగే వదిలేస్తారు. అది పైజవాబు. పద్ధతి తెలిసినవాళ్లు మాత్రం అక్కర్లేనిది తీసేసి, ఒక్కో ప్రశ్న కింద దాని జవాబు రాస్తారు. చదివేవాడికి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. వినయ్ దృష్టిలో ఇది మర్యాద. మొదటిది మోటుతనం.

జనం ఎంత చెప్పినా మారకపోయేసరికి, విసిగిపోయి ఆయన తన ప్రోగ్రాంకు ఒక యాడ్ఆన్ తగిలించుకున్నాడు. గుర్తు ఉన్న పాత వరుసలన్నిటినీ అది మడిచేసి, వాటి చోట ఒక చిన్న ప్లస్ చూపిస్తుంది. పద్ధతిగా నడుమ జవాబు రాసేవాళ్ల మాటలు ఆ ప్లస్‌ల మధ్య శుభ్రంగా కనబడతాయి. ప్లస్ నొక్కితే పాతది విప్పుకుంటుంది. కానీ వినయ్ ఎందుకు నొక్కుతాడు? అందులో ఉండేది తను రాసిందే కదా.

ప్రియ లిస్టులో చేరింది ఆ తర్వాతే. బయ్యారం దగ్గరి తండా అమ్మాయి. ఆ చుట్టుపక్కల మానుకోట అని పిలిచే మహబూబాబాద్‌లో డిగ్రీ చదివి ఇంట్లో ఉంది. కంప్యూటర్ లేదు, ఉన్నదల్లా ఫోను. మొదటి మెయిల్‌కు ఆమె ఉత్సాహంగా పైన నాలుగు వరుసలు రాసి, కింద వినయ్ మెయిలంతా వదిలేసింది. వినయ్ ఊరుకుంటాడా! లిస్టులో అందరూ చూస్తుండగానే రాశాడు: "నేను రాసినదాన్ని నాకే తిప్పి పంపి, పైన నాలుగు ముక్కలు రాస్తే దాన్ని జవాబు అనరమ్మా. ముందు నియమాలు చదవండి. ప్రతి ప్రశ్న కింద జవాబు రాయడం నేర్చుకుని, ఆ తర్వాత అనువాదం చేద్దురుగాని."

ఆ మెయిల్ పంపాక ఆయనకు హాయిగా అనిపించింది. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అప్పుడు బృందం తెలుగు చేస్తున్నది సరిగ్గా ఆ భాగాన్నే, అంటే జవాబుల సెట్టింగులను. "జవాబు పాత మాట పైన మొదలవ్వాలా, కింద మొదలవ్వాలా" అని అడిగే చోటు, ఆ గుర్తుకు పేరు, ఇంగ్లీషులో ఇన్‌లైన్ అనే, నడుమ రాసే జవాబుకు పేరు. పాత మాటను "ఉల్లేఖనం" అని, గుర్తును "ఉల్లేఖన చిహ్నం" అని వినయ్ రాసిపెట్టాడు. తనకే రుచించలేదు. ఇంతకన్నా తేలిక మాటలు ఉంటే చెప్పమని ప్రశ్నలు పంపాడు, వీటిని ప్రియే చూడాలని ప్రత్యేకంగా పేరు పెట్టి అడిగాడు.

ఆమె జవాబు వచ్చింది. ఆయన తెర మీద ఒకే వరుస: "నమస్తే సార్. మీరు చెప్పినట్టే రాసిన." దాని కింద ఒక ప్లస్. అంతే.

"ఏం రాసినవమ్మా?" అని వినయ్ తెరను అడిగాడు. మర్నాడు స్టాఫ్ రూంలో చాయ్ తాగుతూ, ఈ కాలం పిల్లలకు పని మీద కన్నా పేరు మీదే మోజు ఎక్కువని తీర్మానించాడు కూడా.

అవే ప్రశ్నలు మళ్లీ పంపాడు. "నమస్తే సార్. ఇంకోసారి రాసిన, చూడుండ్రి" అని వచ్చింది, కింద ప్లస్. మూడోసారి కాస్త కటువుగానే పంపాడు. ఈసారి వచ్చింది ఉత్త "నమస్తే సార్." ఇది తనను ఆట పట్టించడమేనని ఆయన ఖాయం చేసుకున్నాడు. ఆమె ప్రతి మెయిల్ చివర ఫోన్ నంబరు ఉండేది. అది కూడా మడతలోనే పోయింది. అయినా లిస్టులో చేరేటప్పుడు ఇచ్చిన నంబరు ఆయన దగ్గర ఉంది. చేయాలనిపించలేదు, చేయలేదు.

మిగతా సభ్యులు ఎవరూ ఏమీ అనలేదు. పేరు పెట్టి ఒకరిని అడిగిన ప్రశ్నలు మిగతావాళ్లు ఎందుకు చదువుతారు? చదివిన ఒకరిద్దరు కూడా, ఆమె ఏం రాసినా వినయ్ సార్ మళ్లీ అడుగుతున్నాడంటే ఆయనకు నచ్చలేదు కాబోలు అనుకుని ఊరుకున్నారు. లిస్టులో వినయ్ సార్‌కు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. ఆ అలవాటు లేకుండా చేసింది కూడా ఆయనే.

ఆ రోజుల్లోనే హైదరాబాద్‌లోని ఒక సంస్థ ఇలాంటి బృందాల్లోంచి ఒకరిని ఏడాదిపాటు జీతం ఇచ్చి పెట్టుకుంటామంది. ఇంటి దగ్గరే ఉండి భాష పని చేయాలి, కంప్యూటర్ వాళ్లే ఇస్తారు. ప్రియ దరఖాస్తు పెట్టుకుంది. ఆ సంస్థలో ఈ పని చూసే ప్రత్యూష వినయ్‌ను అభిప్రాయం అడిగింది. ఆయన ఆలోచించి, న్యాయంగానే రాస్తున్నాననుకుని రాశాడు: "ఉత్సాహం ఉంది. కానీ అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు లేదు." ప్రియకు రాలేదు. లిస్టులోకి ఆమె మెయిళ్లు రావడం ఆగిపోయింది. పోతే పోయింది, పద్ధతి లేని మనిషి అనుకున్నాడు వినయ్. "ఉల్లేఖనం" అలాగే ఉండిపోయింది.

*

శివరాత్రి సెలవు దాటాక తెలుగు ప్రోగ్రాం కొత్త కూర్పు వచ్చింది. అక్షరాలు ఎక్కడైనా తెగుతున్నాయా, మాటలు పెట్టెల్లో పడుతున్నాయా అని చూడటానికి వినయ్ దాన్ని కాలేజీ ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌లో ఎక్కించాడు. కొత్తగా ఎక్కించింది కాబట్టి అందులో ఆయన సెట్టింగులు లేవు, యాడ్ఆన్ లేదు. సెట్టింగుల పేజీ చూశాడు, బాగానే ఉంది. పాత మాటల పక్కన రంగు గీతలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని లిస్టు మెయిళ్లలో పొడుగ్గా ఉన్నదొకటి తెరిచాడు. అది ప్రియ రాసిన మొదటి జవాబు.

"నమస్తే సార్. మీరు చెప్పినట్టే రాసిన." కింద ఈసారి ప్లస్ లేదు. నీలం గీత పక్కన తన మెయిలంతా పరుచుకుంది. గీత సరిగ్గానే ఉందనుకుని మూసేయబోయాడు. అంతలో ఒక వరుస మీద కన్ను ఆగింది.

"ఉల్లేఖనం అంటే మా చెల్లెకు తెల్వలే సార్. ఎత్తిరాసిన మాట అంటే తెలిసింది."

ఈ మాట నేనెప్పుడు రాశాను అనుకున్నాడు వినయ్. తన వరుసల పక్కనున్న అదే గీత పక్కన, అదే రంగులో ఉంది. పైన చూశాడు, తన ప్రశ్న. కింద చూశాడు, తన రెండో ప్రశ్న. దాని కింద మళ్లీ తను రాయని మాట: "ఇన్‌లైన్ అంటే నడుమ జవాబు అంటే సరిపోతది గద సార్? ఇద్దరు మాట్లాడుకున్నట్టు నడుమ నడుమ చెప్తం గాబట్టి." ఆ కింద: "గుర్తుకు ఎత్తిరాత గుర్తు అంటే చాలు. చిహ్నం అంటె బడి పుస్తకం లెక్క ఉన్నది."

ఏం జరిగిందో ఆయనకు వెంటనే తెలిసిపోయింది. తెలియకపోతే బాగుండేది. కంప్యూటర్‌లో తను వాడే ప్రోగ్రాంలో పాత మాటల మధ్య కర్సర్ పెట్టి ఎంటర్ నొక్కితే, ఆ పాత మాట రెండుగా తెగి నడుమ గుర్తు లేని ఖాళీ వరుస వస్తుంది. ప్రియ ఫోన్‌లో ఉన్న యాప్ అలా తెంపదు. పాత మాట లోపల ఎన్ని వరుసలు కొత్తగా రాసినా, అవీ పాత మాటలో భాగమే అనుకుని పంపేటప్పుడు వాటికీ గుర్తు తగిలిస్తుంది. ఆమె ప్రతి ప్రశ్న కింద జవాబు రాసింది. సరిగ్గా ఆయన చెప్పినట్టే రాసింది. ఆ జవాబులన్నీ ఆయన గుర్తు వేసుకుని, ఆయన మాటల్లా ముసుగేసుకుని వచ్చాయి. ఆయన యాడ్ఆన్ వాటిని ఒక్కటి మిగల్చకుండా మడిచేసింది. ఆయన రాసిన నియమాల్లో ఫోన్ ఊసే లేదు. చూపించిన బొమ్మలన్నీ కంప్యూటర్‌వి.

మనిషి బుద్ధి చూడండి, ఆయనకు మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపం. తప్పు ఆమెదేనని, పంపేముందు ఒకసారి చూసుకోవద్దా అని, ఫోన్‌లో ఇలాంటి పని చేయమని ఎవరు చెప్పారని. అక్కడికక్కడే మెయిల్ రాయడం మొదలుపెట్టాడు కూడా: "మీ జవాబులు నా గుర్తు కిందికి వచ్చాయి, అందువల్ల..." అందువల్ల ఏమిటో తేలక, మూడో మెయిల్ తెరిచాడు.

అందులో జవాబులన్నీ మళ్లీ ఉన్నాయి, ఇంకా వివరంగా. చివరి ప్రశ్న కింద ఇలా ఉంది: "సార్, మూడోసారి అడిగిండ్రు. అంటె నేను చెప్పినవి తప్పు అని సమజైంది. ఎక్కడ తప్పో ఒక్కటి చెప్పినా దిద్దుకుంట. మా ఇంట్ల మాట్లాడేది లంబాడ భాష, తెలుగు బడిలనే నేర్చిన. గందుకే నా మాటలు మీకు మంచిగ అనిపిస్తలేవేమో. కోపం చేయకుండ్రి."

ఆ వరుసల పక్కన కూడా ఆయన గీతే ఉంది.

వినయ్ కుర్చీలోంచి లేచి, ల్యాబ్ తలుపు దగ్గరగా వేసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఎవరూ చూడకపోయినా ఎవరో చూస్తున్నట్టే ఉంది. ఒక ఆడపిల్ల తన భాష గురించి క్షమాపణ చెప్పుకుంటే, తను దాన్ని మడిచి పక్కన పెట్టి, ఆట పట్టిస్తోందని అనుకున్నాడు. తర్వాత ప్రత్యూషకు రాసిన వాక్యం గుర్తొచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు లేదు. ఆ వాక్యంలో ఒక్క మాట కూడా ఆమెకు చెందదు. అన్నీ తనకే చెందుతాయి.

ప్రత్యూషకు ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పాడు, యాడ్ఆన్ సంగతితో సహా.

"ఈ ఏటికైతే అయిపోయింది వినయ్ గారూ. తీసుకున్న మనిషి జాయిన్ కూడా అయిండు. వచ్చే ఏటికి మళ్లీ చూద్దం" అంది ప్రత్యూష. "ఆమె పంపిన పని నాకు నచ్చింది. మీరు రాసిన ఆ ఒక్క ముక్క చూసే ఆగిన. మీ మాట మీద నాకు అంత నమ్మకం మరి." మళ్లీ అంది, "మూడుసార్లు జవాబు రాలేదంటున్నరు గదా. ఒక్కసారన్న ఫోన్ చేసి అడగలేదా?"

"లేదు" అన్నాడు వినయ్.

ఆ సాయంత్రం లిస్టుకు మెయిల్ రాయడానికి కూర్చున్నాడు. అందరి ముందు తిట్టాడు కాబట్టి అందరి ముందే చెప్పాలి, అంత మాత్రం న్యాయం ఆయనకు తెలుసు. ప్రియ మూడో మెయిల్‌కు జవాబు నొక్కాడు. ఆయన సెట్టింగు ప్రకారం కర్సర్ కింద నిలబడింది, పైన ఆమె పంపినదంతా. అక్కర్లేనిది తీసేయాలి, అది ఆయన పెట్టిన నియమం. ఏది అక్కర్లేనిది? అందులో తన ప్రశ్నలన్నీ తీసేశాడు. ఆమె వరుసలు మాత్రమే మిగిలాయి. ఒక్కోదాని కింద రాశాడు: "ఇది నా మాటకన్నా బాగుంది. చదవలేదు." "ఇది సరైన మాట. చదవలేదు." కోపం చేయకుండ్రి అన్న వరుస కింద ఏం రాయాలో తెలియలేదు. కింద చోటు ఖాళీగా వదిలి, మెయిల్‌ను పంపకుండా దాచాడు. ముందు మనిషికి చెప్పాలి, తర్వాతే లిస్టుకు.

*

ఆదివారం పొద్దున జనగామలో బస్సెక్కాడు. తొర్రూరులో బస్సు ఆగినప్పుడు నాన్న దుకాణం వైపు చూడకుండా కిటికీకి ఇటువైపు జరిగి కూర్చున్నాడు. మహబూబాబాద్‌లో బస్సు మారి బయ్యారంలో దిగి, లిస్టులో చేరేటప్పుడు ఆమె ఇచ్చిన చిరునామా అడుగుతూ ఆటోలో తండాకు చేరాడు. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వరుస పెట్టుకున్నాడు. తల వంచుకుని, సాకులు లేకుండా చెప్పాలి. తిడితే పడాలి. నిజం చెప్పాలంటే, తిట్టాలని ఆయన ఆశపడ్డాడు. తిట్లు తింటే కొంత తేలికవుతుంది.

ఇంటి ముందు కల్లంలో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. ప్రియ తల్లితో కలిసి తాలు కాయలు ఏరుతోంది. ఎవరు కావాలని అడగబోయి, ఆయన పేరు చెప్పేసరికి లేచి నిలబడింది. ముఖంలో భయం కనబడింది. తనను చూసి ఒకరు భయపడటం వినయ్ అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

ఆమె తండ్రి సక్రు ఇంట్లోంచి వచ్చాడు. సంగతి తెలియగానే మనిషి వెలిగిపోయాడు. "జనగామ సారా! మా ప్రియకు మెయిల్లు రాసే సారా!" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. "నీలీ, సారుకు మంచం వెయ్యి. కూసోండి సార్. తినే పోవాలె, ఊకనే పోనియ్య." భార్యకు మంచం సంగతి చెప్పి, తమ భాషలో ఇంకేదో అరిచి, కోడి కోసమో దేనికోసమో పక్కింటికి పరుగున పోయాడు.

నీలి మంచం వాల్చి లోపలికి పోయాక, వినయ్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. గుర్తు సంగతి, మడత సంగతి, ప్రత్యూషకు రాసిన వాక్యం సంగతి. ఏదీ దాచలేదు. ఆమె చేతిలో ఇంకా రెండు మిరపకాయలు ఉన్నాయి. విన్నంతసేపూ వాటినే చూస్తూ ఉంది.

"అంటే చదవలేదన్నట్టు" అంది చివరికి.

"లేదమ్మా."

"నేను చదివి వద్దన్నరు అనుకున్న సార్. నా తెలుగు మంచిగ లేదు, ఈ పని నాతోని కాదు అని మానేసిన. మానుకోటల సెల్లు దుకాణంల కుదిరిన, ఎల్లుండికెల్లి పోవాలె." చేతిలోని కాయలు కుప్పలో వేసింది. "చదివి వద్దంటె గది ఒక తీరు. చదవకనే వద్దన్నరా?"

"తప్పు నాది. ప్రత్యూష మేడమ్‌కు చెప్పిన. వచ్చే ఏటికి మళ్లీ చూస్తరు. లిస్టుల అందరికీ రాస్త. మీ నాయినకు కూడా ఇప్పుడే చెప్పి..."

"వద్దు సార్." మొదటిసారి ఆమె గొంతు గట్టిపడింది. "లిస్టుల మీరేమన్న రాసుకోండ్రి. మా నాయినకు మాత్రం చెప్పకుండ్రి. నౌకరి రాకపాయె అని అందరు అడిగితే ఆయన ఏమంటడో తెలుసా? రాకుంటె రాకపాయె, జనగామ సారంతటోడు నా బిడ్డ రాసింది చదివిండు అంటడు. ఏడికి పోయినా గదే ముచ్చట. ఇప్పుడు మీరు పోయి చదవలేదు అంటె, ఆయనకు ఏముంటది?"

వినయ్ చెప్పి తేలికవుదామని వచ్చాడు. ఆ తేలికదనం కూడా ఆయనకు దక్కనివ్వలేదు ఆ పిల్ల. అడిగిన తీరులో పగ లేదు, దయ కూడా లేదు. తండ్రి గురించి అడిగింది, అంతే.

"చెప్పను" అన్నాడు.

మధ్యాహ్నం అన్నం పెట్టారు. జొన్న రొట్టె, కోడికూర, వేడివేడిగా. సక్రు తను తినకుండా ఎదురుగా కూర్చున్నాడు. సారు వచ్చిండని తెలిసి ఇరుగుపొరుగు నుంచి నలుగురైదుగురు వచ్చి అరుగు మీద చేరారు. సక్రు వాళ్లకు వినయ్‌ను చూపిస్తూ గొంతు పెంచి చెప్పాడు, "గీ సారే. మా ప్రియ ఏది రాసినా ఒక్క ముక్క ఇడిచిపెట్టకుంట చదివెటోడు. గింత పెద్ద సారు, పని గట్టుకొని తండాకచ్చిండు చూడుండ్రి." తర్వాత వినయ్ వైపు తిరిగి, కాస్త జంకుతూ అడిగాడు, "మా బిడ్డ రాసినయి మంచిగుంటయా సార్? నాకు సదువు రాదు. మీరు చదివినోళ్లు గదా, మీరు చెప్పుండ్రి."

అందరూ వినయ్ వైపు చూస్తున్నారు. ప్రియ గుమ్మం దగ్గర నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మాత్రం ఆయన వైపు చూడటం లేదు.

"మంచిగుంటయి" అన్నాడు వినయ్. "అన్నీ చదివిన."

సక్రు సంతోషం పట్టలేక ఇంకో రొట్టె వేశాడు, కూర పోశాడు. వద్దనే మొహం లేక వినయ్ తలెత్తకుండా తిన్నాడు.